సంతకం పెట్టాం కాబట్టి 30 శాతం వదులుకోవాలా?

ప్రశ్న: నేను, మా ఆయన కలిసి చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడుపుతున్నాం. ప్యాకింగ్ మెషీన్లు తయారుచేసే ఒక కంపెనీకి 40 స్టీలు ఫ్రేములు చేసివ్వడానికి ఒప్పుకున్నాం. ఒక్కోటి 60 వేలు, మొత్తం 24 లక్షలు. 30 ఫ్రేములు టైముకే ఇచ్చాం. మా వెల్డరు మధ్యలో మానేయడంతో మిగతా 10 ఆరు వారాలు ఆలస్యమయ్యాయి. టెస్ట్ సర్టిఫికెట్లు కూడా పది రోజులు లేటుగా పంపాం. సరుకు దించుకున్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మూడు నెలలయ్యాక బిల్లులో 7 లక్షల 20 వేలు ఆపేశారు. ఒప్పందం 14వ క్లాజులో ఆలస్యానికి వారానికి అర శాతం, గరిష్ఠంగా 10 శాతం కోత అని ఉంది. 15వ క్లాజులో మాత్రం 'ఏ షరతు ఉల్లంఘించినా ఆర్డరు విలువలో 30 శాతం లిక్విడేటెడ్ డ్యామేజెస్‌గా కట్టాలి, ఇది పెనాల్టీ కాదని, నష్టానికి నిజాయితీగా వేసిన అంచనా అని ఇరుపక్షాలూ అంగీకరిస్తున్నాయి' అని రాశారు. ఆ ప్రకారమే కోశామంటున్నారు. కానీ మేము ఆలస్యం చేసిన రోజుల్లోనే, వాళ్ల కస్టమర్ సైటులో పునాదులు కాలేదని, తయారైన మెషీన్లు కూడా గోడౌన్‌లోనే ఉన్నాయని వాళ్ల ఇంజినీరు మాకు మెయిల్ పెట్టాడు. మా బావగారు 'సంతకం పెట్టాక కట్టాల్సిందే' అంటారు. మా తమ్ముడు 'పెనాల్టీ క్లాజు చెల్లదు, పైసా వదలొద్దు' అంటాడు. కంపెనీవాళ్లు సగం, అంటే 3 లక్షల 60 వేలు ఇస్తాం, ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకం పెట్టమంటున్నారు. జీతాలకు డబ్బు కావాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఫుల్ అండ్ ఫైనల్ కాగితం మీద ఇవాళే సంతకం పెట్టకండి. ఎందుకో కింద చెబుతాను. కొంత తగ్గించుకుని రాజీపడటం తప్పేమీ కాదు. అయితే ఎంత తగ్గించుకుంటున్నారో తెలిసి పడాలి. ఇప్పుడు మీ చేతిలో ఆ లెక్క లేదు.

మీ బావగారి మాటా, మీ తమ్ముడి మాటా రెండూ సగం సగమే నిజం. ఒప్పందంలో ఒక మొత్తం రాసి ఉంటే ఏం చేయాలో 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. మాట తప్పినవాళ్ల నుంచి అవతలివాళ్లు సహేతుకమైన పరిహారం పొందవచ్చు, అది ఒప్పందంలో రాసిన మొత్తాన్ని మించకూడదు అన్నది దాని సారాంశం. అంటే రాసుకున్న 30 శాతం మీరు కట్టి తీరాల్సిన బాకీ కాదు. కోర్టు అంతకుమించి ఇప్పించకూడదని గీసిన పైగీత. దాని కింద ఎంత న్యాయమో అంతే వస్తుంది. 7 లక్షల 20 వేలు రావచ్చు, 20 వేలు రావచ్చు, ఏమీ రాకపోవచ్చు కూడా.

ఇంగ్లండులో ఈ చర్చ వేరే దారిలో నడిచింది. అక్కడ క్లాజు పెనాల్టీ అని తేలితే ఆ క్లాజు మొత్తంగా పక్కకు పోతుంది. నిజమైన ముందస్తు అంచనా అని తేలితే రాసిన మొత్తం యథాతథంగా వస్తుంది. మన సెక్షన్ ఆ రెండింటి మధ్య గోడను చాలావరకు తీసేసింది. అందుకే 'పెనాల్టీ అని తేలితే పైసా కట్టక్కర్లేదు' అన్న మీ తమ్ముడి వాదన ఇక్కడ పూర్తిగా పనిచేయదు. పెనాల్టీ అని తేలినా, వాళ్లకు నిజంగా నష్టం జరిగి ఉంటే అంతమేర పరిహారం ఇవ్వాల్సిందే.

15వ క్లాజులో 'ఇది పెనాల్టీ కాదు' అని రాయించుకున్న వాక్యం మిమ్మల్ని బాగా భయపెట్టినట్టుంది. దానికి కొద్దిపాటి బరువు ఉంటుంది, కాదనను. ఇరుపక్షాలూ వ్యాపారం తెలిసినవాళ్లయితే వాళ్లు రాసుకున్న మాటను కోర్టు అంత తేలిగ్గా తీసిపారేయదు. కానీ పేరు పెట్టినంత మాత్రాన స్వభావం మారదు. ఆ మొత్తం ఎలా వచ్చింది, దేనికి వర్తిస్తుంది, జరగగల నష్టంతో దానికి ఏమైనా పొంతన ఉందా అన్నవే చూస్తారు. 1914లో అప్పటి ఇంగ్లండు అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ డన్‌లప్ టైర్ల కేసులో చెప్పిన కొలతలు మన కోర్టుల్లో ఇప్పటికీ వినబడతాయి. అక్కడ ఒప్పందం ప్రకారం నిర్ణీత ధరకన్నా తక్కువకు అమ్మిన ఒక్కో టైరుకు 5 పౌండ్లు కట్టాలి. ఒక టైరు తక్కువకు అమ్మితే తయారీదారు ధరల వ్యవస్థకు ఎంత దెబ్బో డబ్బుల్లో తూచడం కష్టం కాబట్టి, ఆ చిన్న మొత్తం సబబే అన్నారు. అదే తీర్పులో జడ్జి లార్డ్ డునెడిన్ చెప్పిన మాట మీకు బాగా పనికొస్తుంది. కొన్ని పెద్దవి, కొన్ని చిల్లరవి అయిన రకరకాల తప్పులన్నిటికీ కలిపి ఒకే పెద్ద మొత్తం రాస్తే, అది పెనాల్టీ అని ముందుగా అనుమానించవచ్చు అన్నారాయన.

మీ 15వ క్లాజు సరిగ్గా అలాంటిదే. మీరు 40 ఫ్రేములూ ఇవ్వకుండా చేతులెత్తేసినా 30 శాతమే, ఒక టెస్ట్ సర్టిఫికెట్ పది రోజులు ఆలస్యంగా పంపినా 30 శాతమే. ఈ రెండింటి వల్ల జరిగే నష్టం ఒక్కటే అని ఎవరూ నిజాయితీగా అంచనా వేయలేరు. ఆ అంకె అంచనా నుంచి పుట్టలేదు, భయపెట్టడానికి పెట్టారు అని చెప్పడానికి మీకు ఇంతకన్నా బలమైన ఆధారం అక్కర్లేదు.

పక్కనే ఉన్న 14వ క్లాజు చూడండి. ఆలస్యం పెరిగినకొద్దీ కోత పెరుగుతుంది, ఒకచోట ఆగుతుంది. అది లెక్క వేసి రాసిన క్లాజులా కనిపిస్తుంది. ఆలస్యం గురించి ఇరుపక్షాలూ ముందే కూర్చుని, వారానికి అర శాతం అని తేల్చుకున్నాక, అదే ఆలస్యానికి 15వ క్లాజును వాడతామంటే నిలబడటం కష్టం. ప్రత్యేకంగా ఒక విషయానికి రాసిన షరతు, అన్నిటికీ వర్తించేలా రాసిన షరతుకన్నా ముందుంటుంది. లేకపోతే 14వ క్లాజు రాసుకోవడానికి అర్థమే లేదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆలస్యమైన 10 ఫ్రేముల విలువ 6 లక్షలు. ఆరు వారాలకు 3 శాతం, అంటే 18 వేలు. మీ 14వ క్లాజులో 'ఆలస్యమైన సరుకు విలువపై' అని ఉంటే ఇదే అంకె. 'మొత్తం ఆర్డరు విలువపై' అని ఉంటే 24 లక్షల్లో 3 శాతం, అంటే 72 వేలు. ఒప్పందం తీసి ఆ నాలుగు మాటలు ఇవాళే చూడండి. మీ గొడవ మొత్తానికి అంతకన్నా ముఖ్యమైన మాటలు ఆ కాగితంలో లేవు. వాళ్లు ఆపింది 7 లక్షల 20 వేలు, వాళ్ల సొంత క్లాజు ఇచ్చేది 18 వేలో 72 వేలో. సగం వదిలేస్తామన్న వాళ్ల ఉదారత ఎంతపాటిదో ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇక నష్టం రుజువు సంగతి. ఇక్కడే చాలామంది, కొన్నిసార్లు లాయర్లు కూడా తడబడతారు. 74వ సెక్షన్‌లో 'అసలు నష్టం రుజువైనా కాకపోయినా' అన్న మాట ఉంది. కంపెనీవాళ్లు దాన్నే పట్టుకుంటారు. మేం నష్టం చూపించక్కర్లేదు, చట్టమే చెప్పింది అంటారు. కానీ నష్టం రుజువు చేయనక్కర్లేదు అనడం వేరు, నష్టమే జరగకపోయినా డబ్బు తీసుకోవచ్చు అనడం వేరు. సుప్రీంకోర్టు ఈ తేడాను కొన్ని తీర్పుల్లో విడమరిచింది.

1969 నాటి మౌలా బక్ష్ కేసు మీ వ్యవహారానికి దగ్గరగా ఉంటుంది. ఆయన సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేసే కాంట్రాక్టులు తీసుకున్నాడు. డిపాజిట్‌గా మొత్తం 18,500 రూపాయలు కట్టాడు. సరఫరా సరిగా చేయలేదని ప్రభుత్వం కాంట్రాక్టు రద్దుచేసి ఆ డిపాజిట్ జప్తు చేసింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ సరుకు మార్కెట్లో దొరికేదే, ప్రభుత్వం బయట కొని ఉంటే ఎంత ఎక్కువ పెట్టిందో చూపించడం దాని చేతుల్లోని పని, చూపించలేదు కాబట్టి డిపాజిట్ ఉంచుకోవడం కుదరదు అంది. నష్టాన్ని లెక్కగట్టగలిగినప్పుడు లెక్కగట్టి చూపాలి. లెక్కగట్టడం సాధ్యంకాని చోట మాత్రమే, రాసుకున్న మొత్తం నిజమైన అంచనా అయితే, దాన్నే కొలతగా తీసుకోవచ్చు.

2003లో ఓఎన్‌జీసీ, సా పైప్స్ కేసులో రెండో రకం వచ్చింది. చమురు బావులకు వాడే పైపులు ఆలస్యంగా అందాయి. ఐరోపా ఉక్కు కర్మాగారాల్లో సమ్మె వల్ల ముడిసరుకు రాలేదని సరఫరాదారు చెప్పాడు. ఓఎన్‌జీసీ లిక్విడేటెడ్ డ్యామేజెస్ కోసుకుంది. నష్టం రుజువు చేయలేదు కాబట్టి డబ్బు తిరిగివ్వాలని, కోర్టు బయట వివాదం తేల్చే ఆర్బిట్రేటర్లు తీర్పిస్తే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలాంటి పనుల్లో ఒక వస్తువు రాకపోతే ఎక్కడెక్కడ ఎంత ఆగిందో చెప్పడం కష్టం, ఇరుపక్షాలూ నిపుణులై ముందే అంచనా వేసుకున్నారు, ఆ అంచనా అన్యాయమని చూపాల్సిన భారం మాట తప్పినవాళ్లదే అంది. మీ కొనుగోలుదారు లాయరు ఈ తీర్పును తప్పకుండా తెస్తాడు. అందుకని 'వాళ్లే రుజువు చేసుకోవాలి' అని మీరు చేతులు కట్టుకుని కూర్చోకూడదు. నష్టం జరగలేదనడానికి మీ దగ్గరున్న ఆధారం మీరే ముందుకు తేవాలి.

ఆ ఆధారం మీ దగ్గర ఉంది. ఇంజినీరు మెయిల్. తయారైన మెషీన్లే కస్టమర్ దగ్గరకు పోలేక గోడౌన్‌లో ఉన్నాయంటే, మీ పది ఫ్రేములు సమయానికి వచ్చినా జరిగేది అదే. 2015లో సుప్రీంకోర్టు కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీకి ఇదే తరహా ప్రశ్న వేసింది. 1982లో వేలంలో 3 కోట్ల 12 లక్షలకు ఒక ప్లాటు పాడిన కంపెనీ 78 లక్షలు కట్టింది. తర్వాత ఆ డబ్బును డీడీఏ జప్తు చేసుకుంది. అదే ప్లాటును 1994లో మళ్లీ వేలం వేస్తే 11 కోట్ల 78 లక్షలు వచ్చాయి. నష్టం ఎక్కడుంది అని అడిగిన కోర్టు 78 లక్షలూ తిరిగి ఇప్పించింది. ఆ కంపెనీ మాట తప్పలేదని కూడా ఆ కేసులో తేలింది. అది మీకు వర్తించదు, మీరు ఆలస్యం చేశారు. కానీ నష్టం అన్నది 74వ సెక్షన్‌కు ఉండి తీరాల్సిన పునాది అని ఆ తీర్పు చెప్పిన సూత్రం మీకు వర్తిస్తుంది.

ఆ మెయిల్‌ను ఫార్వర్డ్ చేసి వదిలేయకండి. తేదీ, పంపిన అడ్రసు కనిపించేలా ప్రింటు తీయండి, అసలు మెయిల్ అకౌంటులోంచి చెరపకండి. ఆ మెయిల్ తేదీ మీ ఆలస్యపు ఆరు వారాల లోపలిదేనా అని చూడండి. మూడో వారంలో పునాదులు పూర్తయి, మిగతా మూడు వారాలు మీ ఫ్రేముల కోసమే వాళ్లు ఎదురుచూసి ఉంటే కథ మారుతుంది. డెలివరీ చలాన్లు, గోడౌన్ సంతకాలు కూడా ఒకచోట పెట్టండి.

మీకు నచ్చని మాట కూడా చెప్పాలి. వెల్డరు మానేయడం మీ సమస్యే, కొన్నవాళ్లది కాదు. ఆలస్యం మీ తప్పని ఒప్పుకునే మాట్లాడాలి. ఆ ఆలస్యం వల్ల వాళ్ల ఫిట్టర్లకు ఓవర్‌టైమ్ ఇచ్చినట్టో, కస్టమర్ వాళ్ల బిల్లులో కోసినట్టో కాగితం చూపిస్తే దానికి విలువ ఉంటుంది. అప్పుడు కూడా 14వ క్లాజు మీకు గొడుగు పడుతుంది. ఒప్పందం తప్పితే ఇంత అని ఒక మొత్తం రాసుకున్నాక, నష్టం అంతకన్నా ఎక్కువైందని పైన అడగడం కుదరదని 1962లోనే సుప్రీంకోర్టు సర్ చునీలాల్ మెహతా కేసులో చెప్పింది. ఓవర్‌టైమ్ లక్ష అయినా, 14వ క్లాజు 72 వేల దగ్గర ఆగితే వాళ్లూ అక్కడే ఆగాలి.

2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇంగ్లండు చట్టాన్ని మరో మలుపు తిప్పింది. పార్కింగ్ సమయం దాటిన ఒక కారు యజమానికి 85 పౌండ్లు వేయడం సరైనదేనంది. నష్టం లేకపోయినా, ఆ షరతు అమలు కావడంలో అవతలివాళ్లకు న్యాయమైన ప్రయోజనం ఉండి, మొత్తం దానికి మరీ మించిపోకపోతే చాలంది. ఎవరైనా దాన్ని చూపించి భయపెడితే కంగారుపడకండి. మనకు 74వ సెక్షన్ ఉంది, అందులో 'సహేతుకమైన పరిహారం' అన్న మాటే లెక్క.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది వాళ్లు చెప్పినట్టే 3 లక్షల 60 వేలు తీసుకుని సంతకం పెట్టడం. జీతాలు గడుస్తాయి, ఈ కస్టమర్ మీతోనే ఉండొచ్చు. కానీ స్వేచ్ఛగా సంతకం పెట్టిన ఫుల్ అండ్ ఫైనల్ రసీదు తర్వాత మిగతాది అడగాలంటే, బలవంతంగా పెట్టించారని రుజువు చేయాలి. డబ్బుకు ఇబ్బందిగా ఉండి పెట్టాం అంటే అది సాధారణంగా చాలదు. ఈ దారిలో మీరు వదులుకునేది, పైన వేసిన లెక్క ప్రకారం, దాదాపు 3 లక్షలు.

రెండోది, రాజీకే వెళ్లి మీ అంకెతో మాట్లాడటం. ఒక ఉత్తరం రాయండి. ఆలస్యం జరిగిన మాట నిజం, 14వ క్లాజు ప్రకారం ఇంత కోసుకోండి, మిగతాది విడుదల చేయండి, దీనికి మించి నష్టం జరిగిందంటే వివరాలూ కాగితాలూ ఇవ్వండి అని. ఇంజినీరు మెయిల్ ప్రతి జతచేయండి. కోపంగా రాయొద్దు. ఈ ఉత్తరం రేపు ఆర్బిట్రేటరో జడ్జీయో చదువుతారు. 72 వేల వరకు వదులుకోవడానికి సిద్ధపడితే మీకు 6 లక్షల 48 వేలు రావాలి. జీతాల కోసం మధ్యలో కొంత తీసుకోవాల్సివస్తే తీసుకోండి, కానీ 'బిల్లులో కొంత భాగంగా అందింది, మిగతా మొత్తంపై మా హక్కు అలాగే ఉంటుంది' అని రసీదు మీద రాసి ఇవ్వండి. వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు వాళ్లకు కావాల్సింది మీ సంతకమే అని మీకు స్పష్టమవుతుంది.

మూడోది సూక్ష్మ, చిన్న పరిశ్రమల ఫెసిలిటేషన్ కౌన్సిల్. ఈ ఆర్డరు తీసుకునే నాటికే మీకు చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదైన ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే ఈ దారి బలమైనది. ఆర్డరు తర్వాత చేయించుకుని ఉంటే అక్కడే అభ్యంతరం వస్తుంది, ముందు ఆ తేదీ చూసుకోండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. ఒప్పందంలో ఏ గడువు రాసినా డబ్బు 45 రోజులు దాటి ఆపకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ, నెలనెలా కలిపి. కౌన్సిల్ ముందు రాజీ ప్రయత్నిస్తుంది, కుదరకపోతే తానే ఆర్బిట్రేషన్ చేస్తుంది లేదా వేరే సంస్థకు పంపుతుంది. మీకు అనుకూలంగా తీర్పు వస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయడానికి వాళ్లు 75 శాతం డిపాజిట్ చేయాలి. అవతలివాళ్లు చాలాసార్లు ఆ నిబంధన చూశాకే మాటకు వస్తారు. అయితే వాళ్లు కూడా అక్కడ 15వ క్లాజు కింద ఎదురు క్లెయిమ్ వేస్తారు. చట్టం 90 రోజుల్లో తేల్చాలంటుంది, ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఇక్కడికి వెళ్లాక ఈ కస్టమర్ నుంచి మళ్లీ ఆర్డరు వస్తుందని ఆశ పెట్టుకోకండి.

నాలుగోది ఆర్బిట్రేషన్ లేదా కోర్టు. ఉద్యం రిజిస్ట్రేషన్ లేకపోతే ఇదే మిగులుతుంది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉందేమో చూడండి. ఉంటే, ఆర్బిట్రేటరు ఫీజు మీ 7 లక్షల్లో ఎంత తింటుందో ముందే అడిగి తెలుసుకోండి. లేకపోతే కమర్షియల్ దావా, అత్యవసర ఉత్తర్వులు అవసరం లేనప్పుడు దానికి ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. డబ్బు వసూలు దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి రెండో దారి ప్రయత్నించడానికి మీకు సమయం ఉంది.

నా ఉద్దేశం అడిగితే రెండో దారితో మొదలుపెట్టి, ఉత్తరంలో జవాబుకు 15 రోజుల గడువు ఇచ్చి, మూడో దారికి కాగితాలు సిద్ధంగా ఉంచుకోవడం మంచిదంటాను. కానీ ఈ కస్టమర్ మీ వ్యాపారంలో సగం అయితే మీ లెక్క వేరేగా ఉండొచ్చు. ఏడాదికి వాళ్ల నుంచి వచ్చే లాభం ఎంతో వేసుకుని, దానికోసం లక్షో లక్షన్నరో వదులుకోవడం మీకు గిట్టుతుందనిపిస్తే అది మీ వ్యాపార నిర్ణయం. అలా వదులుకున్నా, ఎందుకు వదులుకుంటున్నారో రాజీ కాగితంలో రాయించండి. 14వ క్లాజు కింద కోత, దానిపైన సద్భావంతో తగ్గింపు అని రెండూ విడివిడిగా ఉండాలి. అప్పుడు వచ్చే ఆర్డరులో ఇదే 15వ క్లాజు చూపించి పోయినసారి మీరు ఒప్పుకున్నారుగా అనే వీలు వాళ్లకు ఉండదు. ఆ ఆర్డరు మీద సంతకం పెట్టేముందు 15వ క్లాజును కొట్టేయమనండి. అది కుదరదంటే, ఆలస్యానికి 14వ క్లాజు ఒక్కటే వర్తిస్తుందన్న వాక్యం చేర్చమనండి.